తిరుపతి ఫ్లాటు అమ్మకం: ఏజెంటు ఫారం మీద సంతకానికి ముందు కమిషన్ మాట్లాడుకోవడం

ప్రశ్న: తిరుపతిలో అమ్మ పేరు మీదున్న ఫ్లాటు అమ్ముతున్నాం. నేను ఉండేది బెంగళూరులో. ఏజెంటు మెయిల్లో ఒక ఫారం పంపి సంతకం చేసి పంపమన్నాడు. అందులో 2% ప్లస్ జీఎస్టీ, ఆరు నెలలు ఆయన ఒక్కడికే అమ్మే హక్కు, అగ్రిమెంటు రోజే మొత్తం కమిషన్ అని ఉంది. మనిషి మంచివాడే, ఆయన్ని నొప్పించకుండా 1%కి తగ్గించమని మెయిల్ ఎలా రాయాలి?

జవాబు:

1% అని ఒక్క ముక్క రాసి పంపకండి. ఆయన 2 అంటాడు, మీరు 1 అంటారు, చివరికి ఒకటిన్నర దగ్గర తెగుతుంది. ఆ ఫారంలో మీ డబ్బు పోయేది మాత్రం శాతం దగ్గర కాదు. కమిషన్ ఎప్పుడివ్వాలి, దేని మీద లెక్క కట్టాలి అన్న రెండు వాక్యాల దగ్గర. ఈ రెండూ నేను రెండు అమ్మకాల్లో నేర్చుకున్నాను, మొదటిసారి చేతులు కాల్చుకుని.

2017లో చిత్తూరులో మా స్థలం 22 లక్షలకు మాట కుదిరింది. కమిషన్ 2% అని నోటిమాటే. అడ్వాన్సు తీసుకున్న సాయంత్రమే బ్రోకరు తన 44,000 తీసుకెళ్లాడు. నెలన్నర తర్వాత కొనేవాళ్ల బ్యాంకు లింకు డాక్యుమెంట్లలో ఏదో చాలలేదని లోను ఇవ్వలేదు, బేరం పోయింది. డబ్బు వెనక్కి అడిగితే, "నా పని పార్టీని తేవడం, తెచ్చినా కదా సార్" అన్నాడు. తర్వాత ఇంకొకరి ద్వారా అమ్మి, వాళ్లకు మళ్లీ 2% ఇచ్చుకున్నాం.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 219వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఏజెంటుకు ప్రతిఫలం పని పూర్తయ్యాకే రావాలి. వినడానికి మనకు అనుకూలంగానే ఉంది. కానీ పని పూర్తవడం అంటే పార్టీని తేవడమా, రిజిస్ట్రేషనా? గొడవ అక్కడే. పైగా మీ ఫారంలో అగ్రిమెంటు రోజే మొత్తం అని ఉంది కాబట్టి, సంతకం పెడితే ఆ 'వేరే ఒప్పందం' మీరే చేసినట్టు.

రెండోసారి, తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు మా అమ్మ ఫ్లాటు. నేనుండేది చెన్నై. ఏజెంటు చెప్పిన ధర 54 లక్షలు, ఫారం ఇంచుమించు మీకొచ్చిన లాంటిదే. 2% అంటే 1,08,000. దాని మీద 18% జీఎస్టీ 19,440. మొత్తం 1,27,440.

ముందు జీఎస్టీ సంగతి తేల్చేశాను, అది సులువు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు జీఎస్టీ వసూలు చేయకూడదు. ఉన్నవాళ్లకు 15 అక్షరాల నంబరు ఉంటుంది, ఆంధ్రప్రదేశ్‌ది 37తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్లో కొడితే పేరు కనిపిస్తుంది. "బిల్లులో వేయడానికి మీ నంబరు పంపగలరా" అని మర్యాదగా అడిగితే, మా ఏజెంటు "అది ఫారంలో ఊరికే ఉంటుందిలే సార్" అని కొట్టేశాడు.

ఇక శాతం. మాకు 50 లక్షలకు తక్కువైతే అమ్మే ఉద్దేశం లేదు. ఏజెంటు వైపు నుంచి లెక్క చూడండి. ఒకటిన్నర శాతానికి ఒప్పుకున్నాడనుకుందాం. 51 లక్షలకు అమ్మితే ఆయనకు 76,500. ఇంకో పదిహేను రోజులు పార్టీ వెంటపడి 53.5కి తెస్తే 80,250. మనకు రెండున్నర లక్షలు ఎక్కువొస్తుంటే ఆయనకు పెరిగేది 3,750. అలాంటప్పుడు ఎవరైనా 51కే "ఇంతకంటే రాదు సార్, ఇచ్చేయండి" అనే చెప్తారు. అది మోసం కాదు, వాళ్ల లెక్క అది.

అందుకే శాతం తగ్గించమని కాకుండా లెక్క మార్చమని అడిగాను. 50 లక్షల వరకు 1%, ఆపైన వచ్చిన దాంట్లో 10%. ఇలా అయితే 51 లక్షలకు ఆయనకు 60,000 వస్తుంది, 53.5కి 85,000. ఇప్పుడు ఆ పదిహేను రోజులు తిరగడానికి ఆయనకు పాతికవేలు కారణం ఉంది. చివరికి 53.5కే అమ్మాం. నేనిచ్చిన 85,000 లెక్కేస్తే ఒకటిన్నర శాతం కంటే కాస్త ఎక్కువే. నాకేం బాధ లేదు.

దీన్ని 'నెట్ రేటు'తో కలపకండి. "మీకు చేతికి 50 కావాలి కదా, పైన ఎంతొచ్చినా నాది" అనేది మన ఊళ్లో మామూలే. అందులో పార్టీ అసలు ఎంతిస్తున్నాడో మీకు తెలియనివ్వరు, పార్టీకి మీరెంత అడిగారో తెలియనివ్వరు. నేను చెప్పే పద్ధతిలో ధర మాట్లాడేటప్పుడు మీరు కూడా లైన్లో ఉండాలి, అగ్రిమెంటులో పూర్తి ధర రాయాలి, కమిషన్ ఆ ధర మీదే కట్టాలి.

మెయిల్ కంటే ముందు ఒకసారి ఫోన్ చేయండి. మాటామంతీ లేకుండా షరతుల కాగితం వచ్చిపడితే మనవైపు మనుషులు చిన్నబుచ్చుకుంటారు. ఫోన్లో అనుకున్నదే మెయిల్లో పెడుతున్నట్టు ఉండాలి. పంపాక వాట్సాప్‌లో "మెయిల్ పెట్టాను, చూడండన్నా" అని ఒక మాట వేయండి, లేదంటే వారం దాకా తెరవరు. నేను పంపినదాంట్లో పేర్లు తీసేసి ఇక్కడ ఇస్తున్నాను:

విషయం: మా ఫ్లాటు అమ్మకం – సంతకానికి ముందు కమిషన్ వివరాలు

నమస్కారం అండీ,

నిన్న ఫోన్లో ఓపిగ్గా అన్నీ చెప్పినందుకు థాంక్స్. ఫారం చదివాను. ఫ్లాటు మీ ద్వారానే అమ్మాలని అమ్మా నేనూ అనుకున్నాం. సంతకానికి ముందు ఈ కింది విషయాల్లో మీ మాట కావాలి.

కమిషన్ 2% బదులు, అమ్మిన ధరలో 50 లక్షల వరకు 1%, ఆపైన వచ్చినదాని మీద 10% ఇస్తాం. మీరు మంచి ధర తెస్తే మీకూ తగినంత రావాలని ఇలా అడుగుతున్నాను. ధర ఖరారు చేసేటప్పుడు నన్ను కూడా ఫోన్లో కలపండి. మధ్యలో వేరే మధ్యవర్తులు ఉంటే వారికిచ్చేది మీ కమిషన్లోంచే. కొనేవారి దగ్గర కూడా మీరు కమిషన్ తీసుకుంటుంటే మాకు అభ్యంతరం లేదు, ముందే చెబితే చాలు.

అగ్రిమెంటు రోజు 20,000, మిగతాది రిజిస్ట్రేషన్ అయిన రోజే బ్యాంకు ద్వారా పంపిస్తాను. కొనేవారి వల్ల బేరం ఆగిపోతే ఆ 20,000 తర్వాతి పార్టీకి సర్దుకుందాం. మేమే వెనక్కి తగ్గితే అది మీదే, తిరిగి అడగం.

ఆరు నెలలకు బదులు 60 రోజులు మీకొక్కరికే ఇస్తాం, ఆ రోజుల్లో ఇంకెవరికీ చెప్పం. గడువు తర్వాత మూడు నెలల్లోపు మీరు చూపించిన వారెవరైనా కొంటే కమిషన్ మీదే. అందుకు ఎవరెవరికి చూపించారో పేర్లు నాకు వాట్సాప్ చేస్తుండండి.

ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ఇంటి పన్ను రసీదు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. తాళాలు పక్కింటివాళ్ల దగ్గర పెట్టాం, మీరు ఎప్పుడు చూపించాలన్నా నాకోసం ఆగక్కర్లేదు.

మీకు సరేనంటే ఇదే మెయిల్‌కు "అంగీకారం" అని జవాబివ్వండి. ఫారంలో ఇవే మార్చి పంపితే ఆ రోజే సంతకం చేసి పంపిస్తాం. ఏదైనా కుదరకపోతే మొహమాటం లేకుండా చెప్పండి, మాట్లాడుకుందాం.

ఫోన్ వచ్చింది. "ఏం సార్, లాయరు దగ్గర రాయించినారా?" అని నవ్వాడు. లెక్కకు ఒప్పుకున్నాడు, అగ్రిమెంటు రోజు సగమైనా కావాలని పట్టుబట్టాడు. అప్పుడు నాకు బలం చేకూర్చింది ఆ మెయిల్లోని డాక్యుమెంట్ల పేరా. కాగితాలన్నీ సిద్ధంగా ఉంటే బేరం మధ్యలో ఆగే భయం తక్కువ, కాబట్టి రిజిస్ట్రేషన్ దాకా ఆగడం ఆయనకూ పెద్ద నష్టం కాదని చెప్పాను. గడువు 60 నుంచి 90 రోజులు చేసి నేనూ ఒక మెట్టు దిగాను. 20,000కే నిలిచింది. ఫోన్లో ఏం మారిందో అదే సాయంత్రం రెండు లైన్ల మెయిల్ పెట్టాను, ఆయన "ఓకే సార్" అని జవాబిచ్చాడు. ఫారంలో మార్పులు నిజంగా పడ్డాయో లేదో చూసుకునే సంతకం చేయండి. నాకు మొదట మార్చి పంపిన దాంట్లో 'అగ్రిమెంటు రోజే మొత్తం' అన్న వాక్యం అలాగే మిగిలిపోయింది. కావాలని ఉంచాడని అనను, పాత ఫైలు మీదే దిద్దుంటాడు. అయినా కోర్టు దాకా పోతే చూసేది సంతకం ఉన్న కాగితాన్నే.

ఒకవేళ "క్యాష్ అయితే ఇంకొంచెం తగ్గిస్తా" అంటే ఆలోచించండి. ఫ్లాటు మీద లాభానికి పన్ను కట్టేటప్పుడు బ్రోకరేజీని అమ్మకం ఖర్చుగా తీసేసుకోవచ్చు, కానీ దానికి రసీదో బ్యాంకు ఎంట్రీయో ఉండాలి. 85,000 చేతికిచ్చి కాగితం లేకపోతే ఆ తగ్గింపు పోయినట్టే.

మీ విషయంలో ఇంకొకటి. ఫ్లాటు అమ్మగారి పేరు మీద ఉంది కాబట్టి ఫారం మీద సంతకం ఆవిడదే ఉండాలి, మీది కాదు. మెయిల్ మీరే రాయండి, మొదటి వాక్యంలోనే అమ్మ తరఫున రాస్తున్నానని పెట్టండి, అమ్మగారికి మెయిల్ ఉంటే ఆవిడను సీసీలో ఉంచండి. ఏజెంటుకు కూడా అమ్మగారి చేత ఒకసారి ఫోన్ చేయించండి. మా ఏజెంటు నాతో గంటసేపు వాదించినవాడు, మా అమ్మ "ఏం నాయనా, అబ్బాయి చెప్పినట్టే కానియ్" అనేసరికి ఇంకేం మాట్లాడలేదు.