బ్లాంక్‌లోనే లెడ్ వస్తుంటే ఫ్లాస్కులు ఎలా కడగాలి, శుభ్రమైనట్టు ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: బియ్యం నమూనాలను మైక్రోవేవ్‌లో డైజెస్ట్ చేసి, 50 మి.లీ. ఫ్లాస్కులో వాల్యూమ్ చేసి, ఐసీపీ-ఎంఎస్‌లో లెడ్ చూస్తున్నాను. బ్లాంక్‌లోనే 0.5 పీపీబీ దాకా వస్తోంది, అదీ ఒక్కో రోజు ఒక్కోలా. ఫ్లాస్కులు సబ్బుతో కడిగి క్రోమిక్ యాసిడ్‌లో నానబెడుతున్నాం. చూడ్డానికి తళతళలాడుతున్నాయి. ఇంకేం చేయాలండి?

జవాబు:

ముందు ఆ 0.5 అంటే ఎంతో లెక్క వేద్దాం. మీరు తీసుకునేది అర గ్రాము బియ్యం అనుకుంటే, 50 మి.లీ.లో 0.5 పీపీబీ అంటే 25 నానోగ్రాముల లెడ్. దాన్ని అర గ్రాముతో భాగిస్తే బియ్యంలో కిలోకు 0.05 మి.గ్రా. ఉన్నట్టు లెక్క. కోడెక్స్ ధాన్యాలకు పెట్టిన పరిమితి కిలోకు 0.2 మి.గ్రా. అంటే బియ్యం పెట్టకముందే పావు వంతు పరిమితి మీ చేతిలో ఉంది. ఆ అంకె రోజూ ఒకేలా ఉంటే తీసేసి లెక్కించొచ్చు. మారుతూ ఉంటే తీసేయడానికి కూడా లేదు, అసలు టెన్షన్ అక్కడే.

క్రోమిక్ యాసిడ్ వెంటనే ఆపేయండి. జిడ్డును అది బాగానే తినేస్తుంది, కానీ గాజు మీద క్రోమియం వదిలి వెళ్తుంది. గాజు పైపొరలో ఉండే సిలానాల్ గుంపులు మామూలు నీళ్లలో లోహ అయాన్లను పట్టుకుని కూర్చుంటాయి, ఎన్నిసార్లు తొలిచినా పూర్తిగా వదలవు. రేపు మీ గైడ్ క్రోమియం కూడా చూడమంటే ఆ ఫ్లాస్కులు పనికిరావు. పైగా ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం, దాన్ని పారబోయడం ఇంకో తలనొప్పి.

జిడ్డు, లోహం రెండు వేర్వేరు సమస్యలు. వాటిని ఆ వరుసలోనే తీయాలి. జిడ్డు పొర ఉన్న చోట యాసిడ్ గాజును తాకదు, కింద ఉన్న లోహం అలాగే ఉండిపోతుంది. అందుకే మొదట ఫాస్ఫేట్ లేని ల్యాబ్ డిటర్జెంట్‌ను గోరువెచ్చని నీళ్లలో కలిపి కొన్ని గంటలు నానబెట్టండి. తీగ చుట్టిన బ్రష్ మాత్రం లోపల పెట్టొద్దు. దాని కొస గీతలు పెడుతుంది, ఆ గీతల్లో తర్వాత ఏం దాక్కున్నా బయటికి రాదు. జాయింట్లకు సిలికాన్ గ్రీజు పూసిన గాజుసామాను ఉంటే డిటర్జెంట్ సరిపోదు. హెక్సేన్ తడిపిన గుడ్డతో తుడిచి తీయాల్సిందే, యాసిడ్ దాన్ని ఏమీ చేయలేదు. నన్నడిగితే అలాంటి సామాను ట్రేస్ పనిలోకి తేకపోవడమే మేలు. ఆల్కహాలిక్ పొటాష్‌లో ముంచమని ఎవరైనా సలహా ఇస్తే వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులకు మాత్రం వినకండి. అది గాజునే కరిగిస్తుంది, మెల్లగా కొలత కూడా మారిపోతుంది.

సాల్వెంట్ ఏది వాడినా అది పూర్తిగా ఆరి, నీళ్లతో బాగా తొలిచాకే నైట్రిక్ యాసిడ్ దగ్గరికి తీసుకెళ్లండి. ఎసిటోన్, గాఢ నైట్రిక్ యాసిడ్ కలిస్తే మంటలు, పేలుడు కూడా జరగొచ్చు.

జిడ్డు పోయిందో లేదో చూడటం తేలిక. ఫ్లాస్కును శుద్ధజలంతో నింపి వంచేసి, లోపలి గోడను వెలుతురులో చూడండి. నీళ్లు ఒకే పల్చటి పొరగా జారితే జిడ్డు లేనట్టు. ఎక్కడైనా పొర తెగి చుక్కలు నిలిస్తే అక్కడ ఇంకా ఉన్నట్టు. ఒక తిరకాసు ఉంది: డిటర్జెంట్ మిగిలినా నీళ్లు అలాగే చక్కగా పరుచుకుంటాయి. కాబట్టి నురగ పూర్తిగా పోయేదాకా తొలిచాకే ఈ పరీక్ష చేయాలి. ఈ పరీక్ష లోహాల గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. మీ ఫ్లాస్కులు తళతళలాడుతూనే లెడ్ ఇస్తున్నది అందుకే.

లోహానికి 10 శాతం నైట్రిక్ స్నానం. మూత ఉన్న ప్లాస్టిక్ తొట్టిలో తొమ్మిది వంతుల శుద్ధజలం పోసి, అందులోకి ఒక వంతు గాఢ నైట్రిక్ యాసిడ్ మెల్లగా కలపండి, ఫ్యూమ్ హుడ్ కిందే. ఫ్లాస్కులు లోపల గాలి బుడగ లేకుండా పూర్తిగా మునగాలి. కనీసం ఒక రాత్రంతా ఉంచండి. యాసిడ్‌లోని హైడ్రోజన్ అయాన్లు గాజు పట్టుకున్న లోహాన్ని నెట్టేసి ఆ చోటు తీసుకుంటాయి, దానికి టైమ్ పడుతుంది. బిరడాలు కూడా వేయండి, చాలా ల్యాబుల్లో వాటిని ఎవరూ పట్టించుకోరు. తర్వాత 18 మెగాఓమ్ నీళ్లతో నాలుగైదు సార్లు తొలవండి. ఈ దశలో కుళాయి నీళ్లు తగిలితే పడ్డ శ్రమంతా పోయినట్టే. తుప్పు పట్టిన రాక్ ఉన్న ఓవెన్‌లో ఆరబెట్టొద్దు. మేం ప్లాస్టిక్ స్టాండు మీద బోర్లించి, పైన శుభ్రమైన కవర్ కప్పుతాం.

ఇక నిజంగా శుభ్రమైందని తేల్చేది లీచ్ బ్లాంక్. అల్ట్రాప్యూర్ నైట్రిక్‌తో 2 శాతం ద్రావణం ఒకే బ్యాచ్‌గా తయారుచేయండి. కొంత మంచి పీఎఫ్‌ఏ సీసాలో ఉంచి, మిగతాది కడిగిన ఫ్లాస్కుల్లో గీత దాకా నింపి, బిరడా పెట్టి, తలకిందులు చేసి కలిపి, మీ నమూనా ఫ్లాస్కులో ఎంతసేపు ఉంటుందో కనీసం అంతసేపు వదిలేయండి. తర్వాత అన్నీ కొలవండి. సీసాలోది యాసిడ్, నీళ్లు కలిపి తెచ్చిన లెడ్. ఫ్లాస్కుది దానికంటే ఎంత ఎక్కువుంటే అంత ఫ్లాస్కు పాపం.

ఆ అంకెల తీరు చాలా చెబుతుంది. సీసాలో 0.4, ఫ్లాస్కులన్నిట్లో కూడా 0.4 చుట్టూ వస్తే కడగడంలో తప్పు లేదు, యాసిడ్ బాటిలో నీళ్ల మెషీనో చూసుకోవాలి. సీసాలో 0.02, ఫ్లాస్కుల్లో 0.03 ప్రాంతం, ఒక్కదాంట్లో మాత్రం 0.35 వస్తే ఆ ఒక్క ఫ్లాస్కును పక్కన పెట్టండి. ఫ్లాస్కులన్నీ కొంచెం కొంచెం ఎక్కువుంటే స్నానం యాసిడ్ పాతబడింది, దాన్ని కూడా పలుచన చేసి కొలవండి. జింక్ అడ్డదిడ్డంగా ఎగురుతుంటే ముందు గ్లవ్స్ చూడండి. మా దగ్గర పౌడర్ గ్లవ్స్ మానేసి పౌడర్ లేని నైట్రైల్‌వి వాడాక జింక్ సర్దుకుంది.

మీ బ్లాంక్ రోజుకోలా మారుతోంది కాబట్టి నా అనుమానం ఫ్లాస్కుల చరిత్ర మీద. అదే ఫ్లాస్కుల్లో ఎప్పుడైనా 1000 పీపీఎం లెడ్ స్టాండర్డ్ తయారుచేశారా? అందులో ఒక్క మైక్రోలీటరు మిగిలినా ఒక మైక్రోగ్రాము లెడ్, 50 మి.లీ.లో అది 20 పీపీబీ. ప్రతి ఫ్లాస్కుకూ నంబరు వేసి, స్టాండర్డ్‌కు వాడేవి, నమూనాలకు వాడేవి వేరు చేయండి. స్నానాలు కూడా వేరుగా ఉంటే మంచిది. రంగు గుర్తులు ప్రింటు చేసిన బీకర్లు కూడా ఆ తొట్టిలో వేయకండి, కొన్ని రంగుల్లో లెడ్ ఉంటుంది.

ఇంకో మాట, అసలు గాజు ఎందుకు? 50 మి.లీ. పాలీప్రొపిలీన్ ట్యూబులో డైజెస్ట్ పోసి, తూకం ప్రకారం నీళ్లు చేర్చితే ఫ్లాస్కు అవసరమే ఉండదు. ట్యూబుల్లో కూడా కొత్త లాట్ వచ్చినప్పుడల్లా కొన్నింటికి పైన చెప్పిన లీచ్ బ్లాంక్ చేయండి. తర్వాత బోరాన్, అల్యూమినియం చూడాల్సి వస్తే ఎలాగూ ట్యూబులే దిక్కు. బోరోసిలికేట్ గాజులో ఆ రెండూ ఉంటాయి కాబట్టి ఎంత కడిగినా వస్తూనే ఉంటాయి.