ఇటాలియన్‌లో ఫిర్యాదు రాస్తున్న మేనల్లుడికి

చిరంజీవి బుజ్జికి, అత్తయ్య దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నీ పెట్టె ఇంకా రాలేదని, ఎయిర్‌లైన్ వాళ్ళకి నువ్వే ఇటాలియన్‌లో ఉత్తరం రాస్తున్నావని చెప్పింది. పదిహేను నెలల కింద పాదువాలో రొట్టె కొనడానికి కూడా వేలు చూపించేవాడివి, ఇప్పుడు ఫిర్యాదు రాసేదాకా వచ్చావు. సంతోషమేసింది. కాసేపటికి నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఇంగ్లీషు డ్రాఫ్టు చదివాను. ఇక నిద్ర పట్టలేదు.

డ్రాఫ్టు బాగాలేక కాదు. ఇంగ్లీషులో బాగానే ఉంది. దాన్ని పక్కన పెట్టుకుని వాక్యానికి వాక్యం దించేస్తావేమోనని నా భయం. ఎందుకంటే నేను చేసింది సరిగ్గా అదే.

ముందు చిన్న సంగతులు. వెనిస్ ఎయిర్‌పోర్టులో లాస్ట్ అండ్ ఫౌండ్ కౌంటర్ వాళ్ళు నీ సామాను రాలేదని రాసి ఇచ్చిన కాగితం, అదే పీఐఆర్, దాని మీద పది అక్షరాల నంబరు ఉంటుంది. మొదటి మూడు VCE, తర్వాత ఎయిర్‌లైన్ కోడు రెండు, ఆపైన అయిదు అంకెలు. ఆ నంబరు ఉత్తరం పైన 'ఒజ్జెత్తొ' లైన్లోనే ఉండాలి, అంటే మన 'విషయం' అన్నమాట. బోర్డింగ్ పాసు, పెట్టె ట్యాగు, రశీదులు అన్నిటికీ కాపీలే పంపు. అసలువి ఎవరడిగినా చేతి నుంచి వదలకు. దుకాణాల్లో ఇచ్చే ఆ సన్న కాగితం 'స్కొంత్రీనొ' మీద అక్షరాలు ఎండకి, వేడికి మాయమైపోతాయి, ఈ రోజే ఫోటో తీసుకో. నిన్ను వెనిస్‌లో దింపిన ఎయిర్‌లైన్‌కే రాయి, హైదరాబాదులో ఎక్కించినవాళ్ళు వేరే అయినా సరే.

ఇక నా కథ. మీ మామయ్యకి తెలుసు కానీ, నా పరువు కోసం ఎక్కడా చెప్పలేదు.

2011లో సంక్రాంతికి వచ్చి టొరీనోకి తిరిగి వెళ్ళాను. జనవరి 26న మిలాన్ మల్పెన్సా ఎయిర్‌పోర్టులో దిగితే పెట్టె రాలేదు. బయట మంచు, నా ఒంటి మీద హైదరాబాదు స్వెట్టరు. కోటు, బూట్లు, రెండు జతల లోదుస్తులు కొనుక్కున్నాను, మొత్తం 186 యూరోల 40 సెంట్లు. తొమ్మిది రోజులకి, ఫిబ్రవరి 4న పెట్టె ఇంటికొచ్చింది. అరిసెలు పొడి అయ్యాయి గానీ పెట్టె క్షేమం. ఆ కోటు, బూట్ల డబ్బులు ఎయిర్‌లైన్ ఇవ్వాలని మామయ్య ఆఫీసులో ఒకాయన అన్నాడు. పాపం అమెరికాలో ఎన్నో ఏళ్ళు చేసి వచ్చినాయన, చక్కటి ఇంగ్లీషు డ్రాఫ్టు కూడా ఆయనే రాసిపెట్టాడు. పైన వివరాలన్నీ వరసగా ఒక పట్టీలా ఉన్నాయి. అందులో ఒక లైను: బ్యాగ్ ఈవెంచువల్లీ డెలివర్డ్, 2/4/2011.

నాకప్పటికి రెండేళ్ళ ఇటాలియన్ వచ్చు, గర్వం మాత్రం పదేళ్ళంత. 'ఈవెంచువల్లీ'కి 'ఎవెంతువల్మెంతె' అని రాసేశాను. చూడ్డానికి కవలపిల్లల్లా ఉన్నాయి కదా. తేదీ ఉన్నదున్నట్టు దించాను.

ఫిబ్రవరి 10న పోస్టు చేశాను. మార్చి 3న జవాబొచ్చింది. చాలా మర్యాదగా, మీ సామాను మీకు అందిన తర్వాత ఖర్చుల వివరాలతో మళ్ళీ రాయండి అని. అందిందని రాస్తే, అందాక రాయమంటారేమిటి? కోపంతో ఆ రెండు కాగితాలూ పట్టుకుని మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను, బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చదివింది, వేలు ఆ లైను మీద పెట్టింది. "ఇంతకీ నీ పెట్టె వచ్చిందా, రాలేదా?" అని అడిగింది.

'ఎవెంతువల్మెంతె' అంటే ఇటాలియన్‌లో 'చివరికి' కాదు, బుజ్జీ. 'ఒకవేళ అయితే గియితే' అని. ఇక 2/4 అంటే వాళ్ళకీ మనలాగే ఏప్రిల్ 2. ఆ అమెరికా ఆయన నెల ముందు రాసి, రోజు తర్వాత రాశాడు. అంటే నేను పంపిన పట్టీలో ఉన్నది ఏమిటయ్యా అంటే, పెట్టె ఒకవేళ అందితే అందేది 2011 ఏప్రిల్ 2న అని! ఫిబ్రవరిలో ఆ కాగితం చదివినవాడు ఏప్రిల్ దాకా ఆగుదామనుకోవడంలో తప్పేముంది?

ఆ సాయంత్రమే సరిదిద్ది పంపాను. అప్పటికే ఆలస్యం. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకి వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పెట్టె ఆలస్యంగా వస్తే, అది చేతికందిన రోజు నుంచి 21 రోజుల లోపల రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. నా గడువు ఫిబ్రవరి 25న అయిపోయింది. ఎయిర్‌పోర్టులో పీఐఆర్ ఇచ్చాను కదా అంటే, అది సామాను వెతకడానికి ఇచ్చిన సమాచారం, ఫిర్యాదు వేరే చెయ్యాలి అన్నారు. మొదటి ఉత్తరం గడువులోనే అందింది కదా అని వాదించొచ్చని తర్వాతెప్పుడో తట్టింది. అప్పుడు మాత్రం సిగ్గుతో నోరెత్తలేదు. ఆ కోటు ఇప్పటికీ బీరువాలో ఉంది. విజయవాడలో దాన్ని ఎవరు వేసుకుంటారు చెప్పు, ఊరికే ఉంచాను.

ఇప్పుడు నీ డ్రాఫ్టు మూడో పేరాలో చూడు. 'ఈవెంచువల్లీ ఐ వజ్ టోల్డ్' అని రాశావు! అక్కడ 'అల్లా ఫీనె' అని రాయి, లేదా ఆ మాట తీసేసి తేదీ వెయ్యి. తేదీ ఉంటే 'చివరికి' అక్కర్లేదు. దాని కింద 'యాక్చువల్లీ' ఉంది. అది 'అత్తువల్మెంతె' అయితే 'ప్రస్తుతం' అయిపోతుంది. 'యాక్చువల్లీ పెట్టెలో లాప్‌టాప్ లేదు' అన్నది 'ప్రస్తుతం లేదు' అయిందనుకో, మొన్న ఉండేదా అని అడుగుతారు. 'ఇన్ రెయల్తా' అను, లేదా కొట్టెయ్. 'డిమాండ్' అన్నచోట 'కియేదొ', అడుగుతున్నాను, చాలు. 'ప్రెతెందొ' అంటే గల్లా పట్టుకున్నట్టుంటుంది.

నెల అక్షరాల్లో రాయి, '8 మజ్జొ' అని. అంకెల్లో ఇంకో గొయ్యి ఉంది. నువ్వు మొత్తం 1,240.50 అని పెట్టావు. అక్కడ కామా, చుక్క తారుమారు, 1.240,50 అని రాయాలి. నీలాగే రాస్తే వెయ్యిన్నర్ర కాస్తా ఒక యూరో 24 సెంట్లలా కనబడుతుంది.

నీ కేసు నాదానికంటే పెద్దది, అది గుర్తుంచుకో. నాది ఆలస్యం. నీ పెట్టె రావాల్సింది మే 8న, మే 29తో 21 రోజులు నిండాయి, ఇంకా రాలేదు. ఇక దాన్ని పోయినట్టే లెక్కగట్టి పరిహారం అడిగే హక్కు నీకొచ్చింది. అందుకే 'ఆలస్యం' అనే మాట ఉత్తరంలో ఎక్కడా కనిపించకూడదు. 'బగాల్యొ జ్మర్రీతొ', పోయిన సామాను, అని పైనే రాయి. నువ్వు రెండు చోట్ల 'డిలేడ్' అన్నావు. మొదటి వారం సంగతి చెప్పడానికే అన్నావని నాకు తెలుసు, చదివే గుమాస్తాకి తెలీదు. ఆలస్యానికి ఉన్న ఆ 21 రోజుల ఫిర్యాదు గడువు పూర్తిగా పోయినదానికి ఒప్పందంలో లేదు, కేసు వెయ్యడానికి మాత్రం రెండేళ్ళు. రెండేళ్ళు ఉందికదా అని కూర్చోకు. నా మాట విని ఈ వారమే పంపు.

అడిగే డబ్బుకి రెండు మాటలున్నాయి, కలిపెయ్యకు. పోయిన వస్తువులకి అడిగేది 'రిసార్చిమెంతొ', పరిహారం. పెట్టె లేక నువ్వు కొనుక్కున్న చొక్కాలకి, చార్జరుకి అడిగేది 'రింబోర్సొ', ఖర్చు తిరిగివ్వడం. రెండూ విడివిడిగా రాసి కింద కూడు. అన్నీ కలిపి ఒక ప్రయాణికుడికి పైహద్దు 1,519 ఎస్‌డీఆర్, 2024 డిసెంబరు 28 నుంచి. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ వాళ్ళ లెక్కల యూనిట్. అది యూరోల్లో ఎంతో ఆ రోజు రేటు చూసుకోవాలి. నీ మొత్తం దాని లోపలే ఉంది. హద్దు ఉంది కదా అని అంత ఇవ్వరు, నువ్వు చూపించిన నష్టమే ఇస్తారు. కాబట్టి ప్రతి వస్తువుకి ఏ ఏడు కొన్నావు, ఎంతకి కొన్నావు రాయి. పాత బూట్లకి కొత్త ధర వెయ్యకు. ఒక్కటి అబద్ధమని తేలితే మిగతావన్నీ అనుమానంగా చూస్తారు.

ఆవకాయ ఎక్కడ రాయాలని మీ అమ్మని అడిగావట. రశీదు లేని దానికి ఎంత వేస్తావురా? 'తినుబండారాలు' అని ఒక లైను రాసి చిన్న మొత్తం పెట్టు. మీ అమ్మ ఎండలో కూర్చుని ముక్కలు తుడిచింది, ఆ లెక్క ఏ భాషలోనూ రాదు. అది వదిలెయ్, కొత్త జాడీ ఒకటి నీ కోసం పక్కన పెట్టాను.

ఇంకో మాట, నీ డ్రాఫ్టు మొదటి పేరా మొత్తం తీసెయ్. అక్క పెళ్ళి నుంచి వస్తూ ఎంత అలసిపోయావో, ఎంత బాధ పడ్డావో ఏడు వాక్యాలు రాశావు. నాకు చదువుతుంటే కళ్ళు చెమర్చాయి, కానీ వాళ్ళ ఆఫీసు ఉత్తరం అలా మొదలవదు. 'స్పెత్తాబిలె' అని కంపెనీ పేరు, 'కొన్ లా ప్రెజెంతె', అంటే ఈ ఉత్తరం ద్వారా, అని వెంటనే విమానం నంబరు, తేదీ, ఏం పోయింది. జవాబుకి 30 రోజులు గడువు పెట్టి, బ్యాంకు వివరాలిచ్చి, 'దిస్తీంతి సలూతి' అని సంతకం. 'హంబుల్ రిక్వెస్ట్' లాంటివి ఇటాలియన్‌లోకి మోసుకెళ్ళకు. అన్నీ ఒక పేజీలో పట్టాలి, వస్తువుల పట్టీ రెండో పేజీ.

పంపడానికి మామూలు ఈమెయిలు చాలదు. వాళ్ళకి 'పెక్', అంటే ధ్రువీకరించిన ఈమెయిలు, అడ్రసు ఉండి నీకూ ఒకటి ఉంటే దానితోనే పంపు, రెండు వైపులా పెక్ అయితే చట్టంలో రిజిస్టర్డ్ ఉత్తరంతో సమానం. లేకపోతే పోస్టాఫీసుకెళ్ళి 'రక్కొమందాతా కొన్ రిచెవూతా ది రితోర్నొ' అని అడుగు. అక్కడ సంతకం పెట్టించుకున్న కార్డు తిరిగి నీ ఇంటికొస్తుంది. దాన్ని పీఐఆర్‌తో కలిపి పిన్ను చెయ్యి. వాళ్ళ వెబ్‌సైటులో ఫారం కూడా నింపు, నొక్కిన తర్వాత వచ్చే పేజీ ఫోటో తీసుకో.

ఇటాలియన్‌లో రాశాక నాకు పంపు, తిట్టను. చదువుతాను, అంతే. నిజానికి తిడతాను, అయినా పంపు.

పెట్టె రంగు, కొలతలు రాశావు కానీ గుర్తు రాయలేదు. బయల్దేరే ముందు మీ అమ్మ దాని పిడికి పసుపు గుడ్డ ముడి వేసింది, నేను పక్కనే ఉన్నాను. అది రాయి.

ఉంటాను,
మీ అత్తయ్య