యాప్ చెప్పిన తేదీని నమ్ముకోకు తల్లీ

అమ్మడూ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, మీరిద్దరూ పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టారని. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. చిన్నప్పుడు ఇంజెక్షన్ అంటే నా కొంగు వెనక దాక్కున్న పిల్లవి, ఇప్పుడు ఇంత పెద్ద విషయానికి నీ అంతట నువ్వే లెక్కలు వేసుకుంటున్నావు. కానీ ఆ తర్వాత మాట విన్నాక నిద్ర పట్టలేదు. ఫోన్‌లో అండం ఎప్పుడు విడుదలవుతుందో చెప్పే యాప్ పెట్టుకున్నావట, అది రంగు వేసి చూపించిన నాలుగు రోజుల కోసం ఆఫీసులో సెలవు కూడా అడిగావట. నీకు పీసీఓఎస్. నీ పీరియడ్స్ ఒకసారి 36 రోజులకి వస్తే ఇంకోసారి 50 రోజులకి వస్తాయి. అలాంటప్పుడు ఆ యాప్ ఏ లెక్కన తేదీ చెబుతోందని ఒక్కసారైనా అడిగావా?

ముందు చిన్న పనులు చెప్పేస్తాను. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ఈరోజు నుంచే రోజూ వేసుకో. థైరాయిడ్, ప్రొలాక్టిన్ రక్తపరీక్షలు చేయించుకో, అవి తేడాగా ఉన్నా నెలసరి తప్పుతుంది. మీ ఆయన కూడా వీర్య పరీక్ష చేయించుకోవాలి. అన్నీ నీ మీదే వేసుకుని కూర్చోకు.

ఇప్పుడు అసలు సంగతి. నెలసరికీ నెలసరికీ మధ్య కాలంలో రెండు భాగాలు ఉంటాయి. అండం విడుదలయ్యే దాకా ఒకటి, విడుదలైన తర్వాత ఇంకొకటి. రెండో భాగం ఇంచుమించు స్థిరంగా ఉంటుంది, చాలామందిలో 12 నుంచి 14 రోజులు. సాగేది, కుంచించుకునేది మొదటి భాగమే. అందుకే 14వ రోజున అండం విడుదలవుతుందనే మాట 28 రోజుల వాళ్లకే సరిపోతుంది. నీకు 36 రోజులకి పీరియడ్ వచ్చిన నెలలో అండం విడుదలై ఉంటే అది 22వ రోజు అటూ ఇటూ. 50 రోజులకి వచ్చిన నెలలో 36వ రోజు అటూ ఇటూ. అంటే ఈ లెక్క వెనక్కి వేసేది. పీరియడ్ వచ్చాక, పోయిన నెల ఎప్పుడు జరిగిందో చెప్పగలం. యాప్ మాత్రం పాత నెలల సగటు తీసి ముందుకు లెక్కేస్తుంది. 36కీ 50కీ సగటు 43. నీకు ఏ నెలా 43 రోజులకి రాకపోయినా అది 43 అనే అనుకుని రంగు వేస్తుంది.

ఎందుకిలా అవుతుందో కూడా తెలుసుకో, లేకపోతే నీ శరీరం మీద నీకే కోపం వస్తుంది. ప్రతి చక్రంలో అండాశయంలో ఫాలికల్స్ అనే చిన్న అండం తిత్తులు కొన్ని పెరగడం మొదలుపెడతాయి. అందులో ఒకటి ముందుకొచ్చి సుమారు 20 మిల్లీమీటర్ల దాకా పెరిగి పగులుతుంది, అండం బయటికొస్తుంది. పీసీఓఎస్‌లో ఇన్సులిన్, మగ హార్మోన్లు ఎక్కువై అవి సగంలోనే ఆగిపోతాయి. స్కానింగ్‌లో చూసి అందరూ నీటిబుడగలు అనేవి ఇవే, గడ్డలు కావు. కొన్ని వారాల తర్వాత మరో గుంపు మొదలవుతుంది. ఏదో ఒకసారి ఒకటి పూర్తిగా పెరుగుతుంది, లేదా ఆ నెల ఏదీ పెరగదు. అది ఏ రోజో ముందే చెప్పే సాధనం నాకు తెలిసి లేదు.

స్ట్రిప్పులు కూడా కొన్నావట. అవి ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ని చూపిస్తాయి. మామూలుగా అది ఒక్కసారి ఎగసి, 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. పీసీఓఎస్ ఉన్న చాలామందికి ఎల్‌హెచ్ మామూలు రోజుల్లోనే కాస్త ఎక్కువ ఉంటుంది, అందుకని గీత ముదురుగా కనిపిస్తూనే ఉంటుంది. ఇంకో చిక్కు, శరీరం ప్రయత్నించి ఆగిపోయి మళ్లీ ప్రయత్నిస్తుంది. 11, 12 రోజుల్లో గీత ముదురుగా వచ్చి, పాలిపోయి, మళ్లీ 26వ రోజున ముదురుగా రావచ్చు. 12వ రోజునే అయిపోయిందనుకుని పెట్టె మూసేసినవాళ్లని ఎంతమందినో చూశాను. జిగురుగా సాగే తెల్లబట్ట కూడా ఇలాగే రెండు మూడు సార్లు కనబడి మాయమవుతుంది. స్ట్రిప్పులు పారేయమనను. ముదురు గీత వస్తే శరీరం ప్రయత్నిస్తోందని మాత్రమే అనుకో. అండం వచ్చేసినట్టు రాసుకోకు.

ఇక మీ అమ్మ సంగతి చెప్పాలి. ఇది నీ గురించి కూడా. ఎప్పుడూ నీకు పూర్తిగా చెప్పలేదు, ఇప్పుడు చెప్పకపోతే తప్పు.

పెళ్లైన రెండేళ్లకీ నిలవలేదు. దానికి నెలసరి 42 నుంచి 48 రోజులకి వచ్చేది. ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే 21వ రోజున ప్రొజెస్టెరాన్ రక్తపరీక్ష రాశారు. చీటీ మీద అలాగే ఉంటుంది కదా, ‘డే 21’ అని, ఎవరికైనా అదే రాసేవాళ్లు. ఫలితం 0.6 వచ్చింది. అండం తయారవడం లేదని చెప్పేశారు. ఆ కాగితం పట్టుకుని మీ అమ్మ నా దగ్గరికి వచ్చి గుమ్మంలోనే కూలబడింది. నేను అప్పటికే గైనిక్ ఓపీలో నర్సుగా ఉన్నాను. ఆ కాగితం మీద నాకు ముందు కనబడింది అంకె కాదు, తేదీ.

ప్రొజెస్టెరాన్ అనేది అండం విడుదలయ్యాకే పెరుగుతుంది, ఆ తర్వాత వారానికి బాగా ఎక్కువ ఉంటుంది. 28 రోజుల వాళ్లకి 14వ రోజున అండం వస్తే 21వ రోజు సరైన రోజు. 45 రోజుల మనిషికి 21వ రోజున అండం ఇంకా పండనే లేదు, ఆ రోజు రక్తం తీస్తే తక్కువే వస్తుంది. దానికి తీయాల్సింది పీరియడ్ రావడానికి వారం ముందు, అంటే 38వ రోజు ప్రాంతంలో. ఎప్పుడొస్తుందో తెలియని మనిషి కాబట్టి అక్కణ్ణుంచి వారానికోసారి, పీరియడ్ వచ్చేదాకా. మరుసటి నెల అలా తీయిస్తే రెండో శాంపిల్లో 11 వచ్చింది. 3 దాటితేనే అండం విడుదలైందని లెక్క. అండం వస్తోంది, ఆలస్యంగా వస్తోంది, అంతే. తేదీ చూడని ఒక్క పరీక్షకి మీ అమ్మ నెలల తరబడి గొడ్రాలినని కుమిలిపోయింది. నాకు ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

అప్పుడు దానిచేత ఉష్ణోగ్రత రాయించడం మొదలుపెట్టాను. పొద్దున కళ్లు తెరవగానే, మంచం దిగకముందే, మాట్లాడకముందే, నాలుక కింద పాదరసం థర్మామీటర్. గళ్ల కాగితం మీద ఒక చుక్క. 36.4 దగ్గర రోజుల తరబడి అటూ ఇటూ తిరిగిన చుక్కలు, ఒక నెలలో 36వ రోజున 36.7కి ఎక్కాయి, మరి దిగలేదు. అంటే 35వ రోజు ప్రాంతంలో అండం విడుదలైంది. ఆ నెలే నువ్వు కడుపున పడ్డావు.

కథ అక్కడితో అయిపోతే ఈ ఉత్తరం ఇంత పొడుగు రాసేదాన్ని కాదు. చివరి పీరియడ్ నుంచి 56 రోజులకి, అంటే లెక్కకి 8 వారాలకి స్కానింగ్ చేశారు. చిన్న సంచి మాత్రమే కనబడింది, బిడ్డ లేదు, గుండె చప్పుడు లేదు. ఎదుగుదల ఆగిపోయింది, క్లీనింగ్ చేయించుకోండి అన్నారు. రేపే రమ్మన్నారు. నేను ఆ గళ్ల కాగితం తీసి బల్ల మీద పెట్టాను. 35వ రోజున అండం వచ్చిందంటే అప్పటికి 21 రోజులే అయ్యాయి. గర్భాన్ని లెక్కించే పద్ధతిలో దానికి 14 కలిపితే 35, అంటే 5 వారాలు. 5 వారాలకి సంచి మాత్రమే కనబడటం మామూలే. నొప్పీ బ్లీడింగూ లేవు కాబట్టి రెండు వారాలు ఆగి మళ్లీ చూద్దామని పట్టుబట్టాను. రెండు వారాల తర్వాత తెర మీద నీ గుండె టపటపా కొట్టుకుంటూ కనబడింది.

అందుకే నా భయమంతా ఈ లెక్క గురించే. నీకు నెల తప్పినా, చివరి పీరియడ్ తేదీ ఒక్కటే చెప్పి ఊరుకోకు. నీ నెలసరి సక్రమంగా రాదని, అండం ఎప్పుడు వచ్చి ఉండొచ్చో నీ చార్ట్ చూపించి చెప్పు. ఒక్క స్కానింగ్‌తో తేల్చేస్తామంటే, మళ్లీ ఎప్పుడు చూస్తారని అడుగు. కాకపోతే ఒక పక్కన గట్టిగా నొప్పి వచ్చినా, బ్లీడింగ్ అయినా, కళ్లు తిరిగినా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లు. అది వేరే ప్రమాదం, ట్యూబులో గర్భం కావచ్చు.

మరి ఇప్పుడేం చేయాలి అంటావు. రోజు పట్టుకోవాలనే పట్టు వదిలెయ్. వీర్యకణాలు లోపల 5 రోజుల దాకా బతుకుతాయి, అండం మాత్రం 24 గంటలకి మించి ఉండదు. అందుకని పీరియడ్ అయిపోయినప్పటి నుంచి రెండు మూడు రోజులకోసారి కలుసుకుంటూ ఉంటే, అండం 20వ రోజు వచ్చినా 36వ రోజు వచ్చినా మీ ప్రయత్నం వృథా పోదు. దీనికి సెలవులు అక్కర్లేదు. ఆ నాలుగు రోజులే ముఖ్యమని మీ ఆయన్ని కూడా కంగారు పెట్టకు. అలా పెట్టుకున్న ఇళ్లలో మొగుడూ పెళ్లాల మధ్య మాటలు తగ్గిపోవడం చూశాను, మీకు అది వద్దు.

ఉష్ణోగ్రత రాయి. దశాంశం తర్వాత రెండు అంకెలు చూపించే డిజిటల్ థర్మామీటర్ తెచ్చుకో. రోజూ ఒకే వేళకి చూసుకో, జ్వరం వచ్చిన రోజూ నిద్ర చాలని రోజూ పక్కన గుర్తు పెట్టు. అంతకుముందు ఆరు రోజుల కంటే పైకి ఎక్కి మూడు రోజులు వరుసగా అక్కడే ఉంటేనే అండం విడుదలైందని అనుకో. ఇది ముందే చెప్పదు, జరిగాక రుజువు చేస్తుంది. ఉష్ణోగ్రత ఎక్కకుండానే బ్లీడింగ్ అయిందనుకో, ఆ నెల అండం బహుశా రాలేదన్నమాట. బ్లీడింగ్ అయినంత మాత్రాన అండం వచ్చినట్టు కాదమ్మా.

మామూలువాళ్లకి ఏడాది ప్రయత్నించి రమ్మంటారు, నువ్వు ఆగొద్దు. ఏడాదిలో నీకు వచ్చేది ఎనిమిదో తొమ్మిదో పీరియడ్లే, అందులో కొన్నింటిలో అండం ఉండదు. ఇప్పుడే గైనకాలజిస్టుని కలువు. ఆమె అండం పెరగడానికి లెట్రోజోల్ మాత్రలు ఇచ్చి, ఫాలిక్యులర్ స్టడీ అని రోజు విడిచి రోజు స్కానింగ్‌లో ఫాలికల్ ఎంత పెరిగిందో చూడవచ్చు. నీ కళ్ల ముందే తెలుస్తుంది, ఊహ అక్కర్లేదు. 90 రోజులు దాటినా పీరియడ్ రాకపోతే ఇంట్లో కూర్చోకు, గర్భసంచి పొర మందం పెరిగిపోతుంది. పీరియడ్ రావడానికి మాత్రలు రాస్తే, వేసుకునే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకో. ఆలస్యంగా నిలిచి ఉండొచ్చు కదా.

ఈ నెల చార్ట్ మొదలుపెట్టాక ఫోటో తీసి నాకు పంపు. పీరియడ్ మొదటి రోజు తేదీ పైన రాయడం మర్చిపోకు. రాత్రి పది దాటినా ఫోన్ ఎత్తుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ