ఎంజైమ్‌లు నార్మల్‌గా ఉన్నా ఫ్యాటీ లివర్‌ను వదిలేయవచ్చా?

"వయసు 52, బరువు 80 కిలోలు, షుగర్ ఉంది. స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్. కాలేయ ఎంజైమ్‌లు ఏఎస్‌టీ 36, ఏఎల్‌టీ 36, ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు. అన్నీ నార్మలే కదా, వదిలేయవచ్చా?"

వదిలేయకండి. గ్రేడ్ అనేది కాలేయంలో చేరిన కొవ్వును చెబుతుందే గాని, అసలు ప్రమాదమైన ఫైబ్రోసిస్‌ను, అంటే మచ్చకట్టడాన్ని, చెప్పదు.

1. చాలామంది దాటవేసేది, ఈ మచ్చ ముప్పును అంచనా వేసే FIB-4 లెక్క. వయసును ఏఎస్‌టీతో హెచ్చవేసి, వేలల్లోని ప్లేట్‌లెట్ల సంఖ్యను ఏఎల్‌టీ వర్గమూలంతో హెచ్చవేయగా వచ్చినదానితో భాగించాలి. మీకు (52 × 36) ÷ (160 × 6) = 1.95.

2. అది 1.3 దాటింది కనుక, కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ అవసరం. 8 కిలోపాస్కల్‌ల లోపు వస్తే ఏటా FIB-4 చూసుకుంటే చాలు; ఎక్కువైతే కాలేయ నిపుణుడిని కలవాలి.

3. మచ్చ తగ్గాలంటే సుమారు 10 శాతం, అంటే 8 కిలోలు, నెమ్మదిగా తగ్గాలి.

4. మెట్‌ఫార్మిన్ షుగర్‌కు మంచిదే గాని కాలేయపు వాపును తగ్గించదు; సెమాగ్లుటైడ్ అనే మందు గురించి, గుండె వైఫల్యం లేకపోతే పయోగ్లిటజోన్ అనే మందు గురించి, మీ డాక్టరును అడగండి.