జ్వరం వల్ల ఎల్ఎల్ఆర్ పరీక్ష తప్పింది: ఆర్టీఏ ఆఫీసుకు లెటర్ ఎలా రాయాలి?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. ఫీల్డ్ సర్వీస్ ఉద్యోగం వచ్చింది. ఆగస్టు 1న చేరేటప్పటికి టూవీలర్ లైసెన్స్ చూపించాలన్నారు. జూన్ 10న ఎల్ఎల్ఆర్ పరీక్ష స్లాట్ ఉండగా టైఫాయిడ్‌తో 8 నుంచి 12 దాకా ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంకో తేదీ ఇవ్వమని లెటర్ రాయాలి. నేను రాయవచ్చా? ఏమేం జతచేయాలి?
– ఒక తల్లి, ఆంధ్రప్రదేశ్

జవాబు: అమ్మా, లెటర్ రాసే ముందు ఒకసారి సారథి పోర్టల్‌లో దరఖాస్తు నంబరు, పుట్టిన తేదీ కొట్టి స్టేటస్ చూడండి. కొత్త స్లాట్ తీసుకునే వీలు కనిపిస్తే తీసేసుకోండి, లెటర్ అక్కర్లేదు. మళ్లీ పరీక్ష ఫీజు అడిగినా కేంద్ర నిబంధనల ప్రకారం అది 50 రూపాయలే, సర్వీసు ఛార్జీలు వేరు. ఆ కాస్త డబ్బు మిగుల్చుకోవడానికి వారం పోగొట్టుకోవద్దు. దరఖాస్తు ముందుకు కదలకపోతేనే లెటర్ పట్టుకుని వెళ్లాలి.

అభ్యర్థి మీ అబ్బాయి కాబట్టి లెటర్ అతని పేరుతో, అతని సంతకంతోనే ఉండాలి. మీరు వెంట వెళ్లండి, చాలు.

ఇలాంటి లెటర్లలో తరచూ కనిపించే తప్పు ‘కొన్ని అనివార్య కారణాల వల్ల హాజరు కాలేకపోయాను’ అని రాయడం. అది చదివిన అధికారికి జబ్బేమిటో, ఎన్ని రోజులో, ఆధారం ఏమిటో ఏదీ తెలియదు. జబ్బు పేరు, తేదీలు నేరుగా రాయండి. ఇలా ఉంటే సరిపోతుంది:

లైసెన్సింగ్ అధికారి గారికి,
విషయం: అనారోగ్యం వల్ల హాజరు కాలేకపోయిన ఎల్ఎల్ఆర్ పరీక్షకు మరో తేదీ కోరుతూ.
దరఖాస్తు నంబరు: ........ పుట్టిన తేదీ: ........
అయ్యా,
గేరున్న మోటారు సైకిల్ ఎల్ఎల్ఆర్ కోసం జూన్ 10న నాకు పరీక్ష స్లాట్ ఉంది. టైఫాయిడ్ జ్వరంతో జూన్ 8 నుంచి 12 వరకు ఆసుపత్రిలో చికిత్స పొందినందువల్ల హాజరు కాలేకపోయాను. డిశ్చార్జి సమ్మరీ జతచేస్తున్నాను. ఇప్పుడు కోలుకున్నాను. ఆగస్టు 1న ఉద్యోగంలో చేరవలసి ఉన్నందున, జూన్ 20 తర్వాత వీలైనంత త్వరగా ఒక తేదీ ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. అవసరమైతే పరీక్ష ఫీజు మళ్లీ చెల్లిస్తాను.
ఇట్లు, (సంతకం, పేరు, ఫోన్ నంబరు, తేదీ)

ఆధారంగా డిశ్చార్జి సమ్మరీ ఒక్కటి చాలు, ఎందుకంటే అందులో చేరిన తేదీ, వెళ్లిన తేదీ రెండూ ఉంటాయి, పరీక్ష రోజు వాటి మధ్యలో పడుతుంది. ఇంట్లోనే ఉండి మందులు వాడినవాళ్లయితే ఆ రోజుల్లో చూపించుకున్న ఓపీ చీటీ, ఎంబీబీఎస్ డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న సర్టిఫికెట్ పెట్టాలి. ఆర్ఎంపీ రాసిచ్చిన కాగితం, మందుల షాపు బిల్లు నిలబడవు. ఒరిజినల్ దగ్గరుంచుకుని జిరాక్స్ ఇవ్వండి. లెటర్ రెండు కాపీలు తీసుకెళ్లి, రెండో దానిమీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు ‘మీ లెటర్ మాకు అందలేదు’ అనకుండా కాపాడేది ఆ ముద్రే.

ఇంకో జాగ్రత్త. దరఖాస్తుతోపాటు ఇచ్చే ఫారం 1 ఆరోగ్య ప్రకటనలో మూర్ఛ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం, కళ్లు తిరగడం ఉన్నాయా అని అడుగుతారు. ‘జ్వరంతో నీరసంగా ఉన్నాను’ అనడానికి బదులు, జాలి కలగాలని ‘కళ్లు తిరిగి పడిపోయాను’ అని రాస్తే ఆ ప్రకటనకు అడ్డం పడుతుంది. నిజంగా అలాంటి ఇబ్బంది ఉంటే మాత్రం దాచకూడదు. డాక్టరుతో మాట్లాడాకే లైసెన్స్ పనికి వెళ్లాలి.

ఇక తేదీల లెక్క. ఎల్ఎల్ఆర్ చేతికొచ్చాక కనీసం 30 రోజులు గడిస్తేనే డ్రైవింగ్ టెస్టుకు రానిస్తారు. దీన్ని సడలించమని లెటర్‌లో అడగవద్దు, అది కేంద్ర నిబంధన. జూన్ 23న పాసైతే జులై 23 తర్వాత టెస్టుకు వెళ్లవచ్చు, చేరడానికి వారం పైన మిగులుతుంది. జులై 1 దాటితే ఆగస్టు 1కి లైసెన్స్ రాదు. అప్పుడు కంపెనీ హెచ్ఆర్‌కు జులై మొదటి వారంలోనే ఎల్ఎల్ఆర్ కాపీ, ముద్ర వేసిన ఈ లెటర్ పంపి గడువు అడగండి. చేరే రోజు దాకా ఆగితే వాళ్లకూ చేయగలిగేది తక్కువ.

ఈలోగా ట్రాఫిక్ గుర్తులు చదివించండి. పాసవ్వాలంటే 60 శాతం జవాబులు సరిగ్గా ఉండాలి. ఈసారి ఫెయిలైతే పోయే రోజులకు ఏ సర్టిఫికెట్టూ అడ్డుపడదు.