ఉపన్యాసంలో ఏ మాట తీసేయాలి, ఏ వాదన ఉంచాలి?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది విజయవాడ సింగ్‌నగర్. బుడమేరు వాగు ఆక్రమణల మీద మా నాయకుడు మాట్లాడే సభకు ఉపన్యాసం నేనే రాస్తున్నాను. ఈ పేరా చదివి మా పార్టీ పెద్దాయన ‘కేసు పడుతుంది’ అంటున్నారు: "బుడమేరును మింగింది ఫలానా జిల్లా నుంచి దిగిన దొంగలే. ఆ జిల్లావాళ్ళకు నీతీ లేదు, జాతీ లేదు. మన అధికారులు వాళ్ళ దగ్గర లంచం తిని పడుకున్నారు. ప్రభుత్వం కూల్చకపోతే రేపు మనమే గునపాలు పట్టుకుని వెళ్ళి కూల్చేద్దాం." ఆక్రమణలు తీసెయ్యాలన్నది న్యాయమైన కోరికే కదా? మరీ మెత్తగా రాస్తే సభలో ఎవరూ వినరు. ఏం చెయ్యాలి?

జవాబు: మీ పెద్దాయన చెప్పింది నిజమే. అయితే పేరా మొత్తం పనికిరానిది కాదు. నాలుగు వాక్యాల్లో మూడు వేరువేరు ప్రమాదాలున్నాయి. వాటిని విడదీస్తే ఏది తియ్యాలో, ఏది ఉంచాలో తెలుస్తుంది.

మొదటి రెండు వాక్యాలు భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కిందికి వస్తాయి. పాత ఐపీసీలో ఇదే 153ఏ. ఇది మతం, కులాలకే పరిమితం అనుకుంటారు చాలామంది. పుట్టిన చోటు, నివాసం, భాష కూడా ఈ సెక్షన్లోనే ఉన్నాయి. ‘ఫలానా జిల్లావాళ్ళు దొంగలు’ అన్నారంటే ఒక ప్రాంతంవాళ్ళ మీద ఇక్కడివాళ్ళకు ద్వేషం పెంచారని ఆరోపించడానికి అది చాలు. శిక్ష మూడేళ్ళ దాకా. పోలీసులు వారంట్ లేకుండా అరెస్ట్ చేయవచ్చు, బెయిల్ హక్కుగా రాదు. జిల్లా పేరు తీసేసి ‘కాలువ అవతల దిగినవాళ్ళు’ అని రాస్తే సరిపోతుందనుకోకండి. సభలో ఉన్నవాళ్ళకు ఎవరి గురించో అర్థమైతే కోర్టుకూ అర్థమవుతుంది. 2020లో అమీష్ దేవగన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, మాటతోపాటు అది ఎవరు, ఎక్కడ, ఏ ఉద్దేశంతో అన్నారన్నదీ చూస్తారు.

ఇక్కడ చేయాల్సింది ఒక్కటే: మనుషుల గుంపును తీసేసి, ఆ స్థానంలో పనిని పెట్టండి. మీ అభ్యంతరం ఆ జిల్లాలో పుట్టినవాళ్ళ మీద కాదు కదా, వాగులో గోడ కట్టినవాళ్ళ మీద. ఆ గోడ కట్టినవాళ్ళలో మీ వార్డువాళ్ళూ ఉండి ఉండొచ్చు. ‘వాగు హద్దులో ఎవరు కట్టినా’ అనగానే సెక్షన్ 196కి ఆధారం పోతుంది, మీ వాదనా బలపడుతుంది. ఎందుకంటే ఇప్పుడు ఎదుటిపక్షం ‘మీవాళ్ళ కట్టడాల సంగతేంటి?’ అని అడగడానికి వీలుండదు.

మూడో వాక్యం పరువునష్టం, అంటే అదే సంహితలో 356వ సెక్షన్. ప్రభుత్వోద్యోగి ఉద్యోగంలో చేసిన పని మీద సదుద్దేశంతో అభిప్రాయం చెప్పడానికి ఆ సెక్షన్లోనే మినహాయింపు ఉంది. ‘నిర్లక్ష్యం చేశారు, నోటీసులు ఇవ్వలేదు, చూసీ చూడనట్టు ఊరుకున్నారు’ అనొచ్చు. కానీ ‘లంచం తిన్నారు’ అనేది అభిప్రాయం కాదు, జరిగిందని చెప్పే సంగతి. ఎవరు, ఎప్పుడు, ఎంత అని అడిగితే చూపించే కాగితం చేతిలో లేనప్పుడు ఆ మాట రాయకూడదు. దానికి బదులు ప్రశ్న వేయండి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, సర్వేవాళ్ళ కొలతల పటం, అంటే ఎఫ్‌ఎంబీ స్కెచ్‌లో, ఆ సర్వే నంబర్ల దగ్గర వాగు వెడల్పు ఎంతుందో, ఎన్ని నోటీసులు ఇచ్చారో తెప్పించుకోండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇచ్చారా, అంకె చదవండి. ఇవ్వలేదా, ‘అడిగి నెలైంది, జవాబు లేదు’ అన్న మాటే సభలో చాలా దూరం వెళ్తుంది. అధికారుల్ని ఎంత గట్టిగా నిలదీసినా 196 వర్తించదు. ఆ సెక్షన్‌కు రెండు వర్గాలు ఉండాలని 1997లో బిలాల్ అహ్మద్ కాలూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసే.

నాలుగోది అన్నిటికన్నా ప్రమాదం. పది మందికి మించిన జనాన్ని నేరానికి పురిగొల్పితే 57వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా పడొచ్చు. ఒక్క గోడ కూడా కూలకపోయినా కేసు నిలబడుతుంది. ‘నేను కూల్చమనడం లేదు, జనం కూల్చితే ఆపలేను’ అన్న తెలివి కూడా పనికిరాదు, అది వినేవాడికి అనుమతిలాగే వినిపిస్తుంది. పైగా కట్టడాలు తీసే దారి చట్టంలోనే ఉంది: 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద రెవెన్యూవాళ్ళు నోటీసిచ్చి ఖాళీ చేయించొచ్చు. మీ డిమాండు ఆ నోటీసు. గడువు పెట్టండి, గడువు దాటితే ఏం చేస్తారో చెప్పండి, అది చట్టం లోపల ఉండాలి.

ఇక పేరా ఇలా తిరగరాయొచ్చు:

"2024 సెప్టెంబరులో మన ఇళ్ళలోకి నీళ్ళెందుకొచ్చాయి? వాన ఎక్కువ పడింది, ఒప్పుకుంటాం. గండ్లు పడ్డాయి, అదీ ఒప్పుకుంటాం. మరి వచ్చిన నీళ్ళు ఎందుకు పోలేదు? వాగు ఇరుకైపోయింది కాబట్టి! ఏ ఊరివాళ్ళు కట్టారన్నది మాకనవసరం. ఏ కులమైనా, ఏ పార్టీ అయినా, వాగు హద్దులో గోడ ఉంటే దానికి నోటీసు అంటించాలి. అధికారులారా, ఒక్కటే అడుగుతున్నాం: మీ స్కెచ్‌లో వాగు వెడల్పెంత? నేల మీద ఎంత? ఆ గోడ లేస్తున్నప్పుడు మీరెక్కడున్నారు? గుడిసె వేసుకున్న పేదవాడికి ముందు చోటు చూపించండి, తర్వాత లేపండి. నెల రోజుల్లో ఆక్రమణల జాబితా బయటపెట్టండి. లేకపోతే అనుమతి తీసుకుని మరీ కలెక్టరేట్ ముందు కూర్చుంటాం!"

వాదన ఎక్కడా తగ్గలేదు చూడండి. ఆక్రమణలు, అధికారుల బాధ్యత, తొలగింపు డిమాండు మూడూ ఉన్నాయి. పోయిందల్లా ఒక జిల్లా మీద తిట్టు, రుజువు లేని లంచం, గునపం. వేడి ఇప్పుడు ప్రశ్నల్లో ఉంది. గుడిసెల వాక్యం నేను కలిపింది. మీకు ఇష్టం లేకపోతే తీసేయొచ్చు, కానీ ఉంటే ‘పేదల మీద పడుతున్నారు’ అన్న విమర్శకు ముందే జవాబు దొరుకుతుంది.

రాశాక ఒక పరీక్ష పెట్టండి. ఒక్కొక్క వాక్యాన్ని విడిగా, ముందూ వెనకా లేకుండా చదవండి. ముప్పై సెకన్ల క్లిప్ కోసి వాట్సాప్‌లో వేస్తే అది మీకు ఇబ్బంది తెస్తుందా? తెచ్చేట్టుంటే ఆ వాక్యాన్ని మార్చండి. ‘వెళ్ళగొట్టాలి’, ‘తరిమి కొట్టాలి’ లాంటివి పక్క వాక్యం ఆసరాతో నిలబడే మాటలు. ఆసరా కోసేస్తే ఒంటరిగా దొరికిపోతాయి.

అన్నిటికన్నా ఎక్కువ కేసులు కాగితం వల్ల రావు, చప్పట్లు మోగినప్పుడు మీ నాయకుడు కాగితం వదిలి అనే మాట వల్ల వస్తాయి. కోర్టు చూసేది రికార్డింగ్ గానీ మీరు రాసిచ్చిన కాపీ కాదు. అందుకే పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి, చప్పట్లు వచ్చే చోట్ల ‘ఆగి తర్వాతి వాక్యం’ అని రాసివ్వండి. కింద నుంచి ఎవరైనా ఆ జిల్లావాళ్ళను తిడుతూ నినాదం అందుకుంటే, మైకులోనే ‘అది వద్దు’ అని ఆయన అనాలి. ఉద్దేశం లేదని చెప్పుకోవడానికి అంతకు మించిన సాక్ష్యం ఉండదు.

సభ మొత్తాన్ని మొదటి నుంచి చివరి దాకా కోతల్లేకుండా మీరూ వీడియో తీయించండి, తీసిన ఫోనునో మెమరీ కార్డునో చెరపకుండా దాచండి. రేపు క్లిప్ కోసి ఫిర్యాదు ఇస్తే, పూర్తి వీడియోను భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో కోర్టులో పెట్టొచ్చు. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలు పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 173(3)లో ఉంది. మాటల మీద కేసుల్లో దీన్ని వాడుకోవడం సముచితమని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ విచారణ దశలోనే వీడియో, రాసిన కాపీ రెండూ అందజేసి, రసీదు తీసుకోండి.