అమ్మ భయం ఆఖరి బస్సు గురించే

నాకు 26 ఏళ్లు, డిగ్రీ అయింది. మా చిన్న ఊళ్లో పని దొరక్క, గంటా ఇరవై నిమిషాల దూరంలో ఉన్న పెద్ద ఊరికి బస్సులో వెళ్లి రెండు చోట్ల చేశాను. డ్యూటీ ఏడింటిదాకా, ఆఖరి బస్సు ఏడున్నరకి. ఆరు దాటితే అమ్మ ఫోన్ల మీద ఫోన్లు. గొడవ పడలేక రెండూ మానేశాను. ఇప్పుడు ఊళ్లోనే ఓ షాపులో సగం జీతానికి రమ్మంటున్నారు. అందులో చేరనా, ఇంకో కంప్యూటర్ కోర్సు చేయనా?

కోర్సు సంగతి వదిలేయండి. మీకు ఉద్యోగం రాక కాదు కదా, రెండుసార్లు వచ్చింది. తెగనిది మీకూ అమ్మకూ మధ్య ఉన్న లెక్క.

ఆమెది చాదస్తమని మీ ఉత్తరంలో ధ్వనిస్తోంది. నాకలా అనిపించలేదు. ఆఖరి బస్సు వెనక ఇంకో బస్సు ఉండదు. అది ఆగిపోయినా, జనం లేరని ఆ పూట రాకపోయినా మీరు రాత్రి బస్టాండులోనే. అందుకే ఉద్యోగం చూసుకునేటప్పుడు ఆఖరి బస్సును లెక్కలోకే తీసుకోకండి. దాని ముందు బస్సుకు ఇల్లు చేరగలిగే పనే మీ పని. ఏ ట్రిప్పు తరచూ రద్దవుతుందో బోర్డు మీద ఉండదు, కండక్టర్‌ని అడగండి. పని వెతికేది కూడా మీ బస్సు పెద్ద ఊళ్లోకి వచ్చే దారిలో, స్టాపు నుంచి పది నిమిషాలు నడిస్తే చేరే చోట్ల. బస్టాండులో దిగి మరో బండెక్కాల్సి వస్తే సాయంత్రం బస్సు తప్పేది అక్కడే.

ఇక సగం జీతం. పెద్ద ఊరి జీతం వంద అనుకుందాం, ఛార్జీలకు పదిహేను పోతే మిగిలేది ఎనభై ఐదు. పొద్దున ఏడుంపావుకి ఇల్లు వదిలి రాత్రి ఏడుంపావుకి వస్తే పన్నెండు గంటలు, అంటే గంటకు ఏడు. ఊళ్లో షాపులో యాభై, తొమ్మిది గంటలు, గంటకు అయిదున్నర. పెద్ద ఊరే నయం. ఛార్జీలే మూడో వంతు మింగేస్తే మాత్రం షాపులో చేరండి, నామోషీ ఏమీ లేదు. మొదటి రెండు వారాలూ టిక్కెట్టు కొనుక్కునే వెళ్లండి. పని నిలుస్తుందని తేలాకే నెల పాసు.

చేరేముందే యజమానితో అనండి: "అయిదున్నరకి బయల్దేరాలి, కావాలంటే పొద్దున అరగంట ముందొస్తాను." ఇది దాచి చేరడం వల్లే రెండుసార్లూ ఇరుక్కున్నారని నా అనుమానం.

సంపాదించే వయసొచ్చిన కూతురు అమ్మను అనుమతి అడగక్కర్లేదు. కానీ ఏ బస్సుకు వస్తుందో చెప్పాల్సిన బాధ్యత ఉంది. ఫోనులో విసుక్కోవడం చెప్పడం కాదు. ఒకరోజు ఆమెను వెంటబెట్టుకెళ్లండి. పని చేసే చోటు, స్టాపు చూపించి, అదే సాయంత్రం బస్సులో కలిసి తిరిగి రండి. ఆదివారం మాత్రం వద్దు, ఆ రోజు బస్సుల టైములు వేరేగా ఉండొచ్చు.